29 ఫోటోల్లో మూడు కార్లు

మాది రావులపాలెంలో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. పాత కారు కొనేవాళ్లకు బండి చూసి పెట్టడం పక్కపని. ఇదివరకు బండి దగ్గరికి వెళ్లాకే మా పని మొదలయ్యేది. ఇప్పుడు ముందు ఫోన్లో ఫోటోలు వస్తాయి. ఏ బండి చూడ్డానికి వెళ్లాలో, దేనికి పెట్రోలు దండగో ఆ ఫోటోలను బట్టే తేల్చుకోవాలి.

పోయిన శీతాకాలం అమలాపురం వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. మూడు కార్లు చూసుకున్నారు. మూడూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, 2017లో తయారైనవి, మూడూ సిల్వర్ రంగే. ఒకటి రాజమండ్రిలో ఒక బ్రోకర్ దగ్గరుంది, 14 ఫోటోలు పంపాడు. రెండోది అంతర్వేది దగ్గర ఒక రొయ్యల రైతుది, 6 ఫోటోలు. మూడోది తణుకులో రిటైరైన ఉద్యోగి ఒకాయనది, 9 ఫోటోలు. ధరలు కూడా 4 లక్షలకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి.

మాస్టారి మనసు అప్పటికే రాజమండ్రి బండి మీద ఉంది. "చూడండి, ఎలా మెరుస్తుందో! రొయ్యల బండికైతే కనీసం దుమ్ము కూడా తుడవలేదండి," అన్నారు.

మెరిసే ఫోటో నన్ను తొందరగా నమ్మించదు. నేను మొదట బండి అందం చూడను, లెక్క చూస్తాను. కారు బాడీని 15 ముక్కలుగా అనుకుంటాను. బోనెట్, టాప్, డిక్కీ తలుపు మూడు. తలుపులు నాలుగు. ముందు ఫెండర్లు రెండు, వెనక చక్రాల పైన ఉండే క్వార్టర్ ప్యానెళ్లు రెండు. బంపర్లు రెండు, తలుపుల కింద రన్నింగ్ బోర్డులు రెండు. నోటు పుస్తకంలో ఈ 15 పేర్లూ రాసుకుని, ఏ ముక్క ఏ ఫోటోలో తిన్నగా కనిపించిందో ఎదురుగా ఆ ఫోటో నంబరు వేస్తాను. ఖాళీగా మిగిలిన గడుల దగ్గరే మన పని మొదలవుతుంది.

రాజమండ్రి బండికి ఈ లెక్క వేస్తే తమాషాగా తేలింది. 14 ఫోటోల్లో నాలుగు లోపల సీట్లవి, ఒకటి ఇంజనుది, ఒకటి మీటరుది. మిగిలిన ఎనిమిదిలో ఐదు ఎడమ పక్క నుంచి తీసినవే. ఎడమ ముందు తలుపుకి ఐదు నంబర్లు పడ్డాయి. కుడి వెనక తలుపుకి, కుడి క్వార్టర్ ప్యానెల్‌కి ఒక్క నంబరూ పడలేదు. ఒక ఫోటోలో కుడి పక్క వస్తోంది కానీ, ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి సీటు చూపించడానికి తెరిచినట్టుంది, వెనక భాగం మాత్రం దాని చాటుకి పోయింది. ఇంకొక దాంట్లో కుడి పక్కన గోడ ఎంత దగ్గరగా ఉందంటే అక్కడ మనిషి నిలబడి ఫోటో తీయలేడు. విడివిడిగా చూస్తే ఏ ఫోటోలోనూ తప్పు లేదు. అన్నీ కలిపి చూస్తేనే అన్నీ ఒకే మూలని తప్పించుకుంటున్నాయని తెలిసింది.

ఇంకో సంగతి, బండి తడిగా ఉంది. కడిగిన వెంటనే తీసిన ఫోటోలవి, బోనెట్ మీద నీటి బొట్లు కూడా ఉన్నాయి. నీళ్లు సన్నటి గీతల్లోకి, గరుకులోకి దిగి పైన గాజు పొరలా నిలుస్తాయి. పాలిపోయిన పెయింటు కూడా కాసేపు కొత్తగా కనిపిస్తుంది. ఆరబెట్టి తీసిన ఫోటో దొరికేదాకా తడి బండి రంగు గురించి నేను మాట మాట్లాడను.

వెనక నుంచి తీసిన ఫోటో ఒకటుంది. డిక్కీ తలుపుకీ లైట్లకీ మధ్య సందు చూశాను. ఎడమ వైపు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు. కుడి వైపు పైన సన్నం, కింద వెడల్పు. ఇక్కడ తొందరపడితే పొరపాటే. ఫోటో తీసినవాడు నడిమధ్యలో నిలబడకపోతే, బండి బాగున్నా ఒక పక్క సందు వెడల్పుగా పడుతుంది. అందుకని ముందు నంబరు ప్లేటూ కంపెనీ గుర్తూ ఫోటో మధ్యలో ఉన్నాయా అని చూసుకోవాలి. ఇందులో మధ్యలోనే ఉన్నాయి. పైగా పక్కకి నిలబడి తీస్తే సందు మొత్తం వెడల్పుగానో సన్నంగానో కనిపించాలి కానీ, పైనొకలా కిందొకలా ఉండదు. ఆ లెక్కన డిక్కీ తలుపో దాని పక్క ప్యానెలో కాస్త తిరిగి ఉండాలి.

ఫోటోల సైజు కూడా ఒక తలనొప్పి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది, పెయింటు మీద గరుకు, సన్న పగుళ్లు అన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. అందుకే ఫోటోని డాక్యుమెంటుగా పంపమంటాను. మాస్టారి చేత ఆ బ్రోకర్‌ని మూడే అడిగించాను. బండి పొడిగా ఉన్నప్పుడు కుడి పక్క మొత్తం పది అడుగుల దూరం నుంచి, ఫోను తలుపు పిడి ఎత్తులో పట్టుకుని ఒకటి. అదే పక్క, వెనక లైటు దగ్గర నిలబడి ముందుకి చూస్తూ ఏటవాలుగా ఒకటి. డిక్కీలో మ్యాట్ తీసి, స్టెప్నీ టైరు బయట పెట్టి, ఆ గుంట ఒకటి.

ఏటవాలు ఫోటో ఎందుకంటే, లప్పం పెట్టిన చోటు తిన్నగా చూస్తే దొరకదు. బాడీ మీద పడే నీడల్ని చూడాలి. పక్కనున్న గోడ అంచు, కరెంటు తీగ, రోడ్డు అంచు, ఏదో ఒక తిన్నని గీత తలుపు మీద అద్దంలో పడ్డట్టు పడుతుంది. కంపెనీ రేకు మీద ఆ గీత తలుపు ఒంపుని బట్టి సాఫీగా వంగుతుంది. చేత్తో లప్పం పెట్టి రుద్దిన రేకు మీద అదే గీత పాము పోయినట్టు వణుకుతుంది. నల్ల కారైతే చంటిపిల్లాడికీ కనిపిస్తుంది. సిల్వర్‌లో కాస్త వెతుక్కోవాలి.

రెండ్రోజుల దాకా ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు సాయంత్రం రెండు ఫోటోలు వచ్చాయి. కుడి పక్క ఫోటో పొద్దుగూకాక, పాతిక అడుగుల దూరం నుంచి తీశారు. ఏటవాలుది రాలేదు. డిక్కీ ఫోటో మాత్రం, పాపం, షెడ్డులో కుర్రాడెవడో తీసినట్టున్నాడు, శుభ్రంగా వచ్చింది. తేల్చింది అదే. డిక్కీ అడుగు రేకూ వెనక రేకూ కలిసే అతుకు మీద కంపెనీలో ఒక సీలెంటు పట్టీ వేస్తారు, అది ఒకే వెడల్పులో సాగుతుంది. ఈ బండిలో ఎడమ సగం అలాగే ఉంది. కుడి సగంలో వేలితోనో బ్రష్షుతోనో పూసినట్టు ఎగుడుదిగుడుగా ఉంది, దాని మీద రంగు కూడా గన్‌తో కొట్టిన తుంపరలా గరుకుగా ఉంది. అక్కడ రేకు కోసి అతికారన్నమాట. గీతలకి వేసిన రంగైతే పని అక్కడిదాకా పోదు. కుడి వెనక మూల గట్టిగా గుద్దుకున్న బండి అది.

తర్వాత వారం థిన్నరు కొనడానికి రాజమండ్రి వెళ్లినప్పుడు ఆగి చూశాను, నా అంచనా సరిపోతుందో లేదోనని. పెయింటు మందం కొలిచే మీటరు నా దగ్గరుంది. ఎడమ తలుపుల మీద 110 మైక్రాన్ల దగ్గర చూపించింది, కంపెనీ పెయింటు మామూలుగా అంతే ఉంటుంది. కుడి క్వార్టర్ ప్యానెల్ మీద 700 దాటింది. అంత మందం రంగుతో రాదు, అడుగున లప్పం ఉంటేనే వస్తుంది. బ్రోకర్ని అడిగితే "ఆయ్, చిన్న టచప్ అండి," అన్నాడు.

అంతర్వేది బండి కథ దీనికి తలకిందులు. ఆ రైతు ఫోటోల్లో ఏ దాపరికమూ లేదు. ఎడమ తలుపు మీద అరచేతి వెడల్పు సొట్ట నడిమధ్యలో కనిపించేలా తీశాడు. బంపరు మీద గీతలున్నాయి. చెరువు గట్టు మీద ఎండలో, దుమ్ముతోనే ఆరు ఫోటోలు. దుమ్ము పట్టిన బండి నాకు ఇష్టం. దుమ్ము సమానంగా పరుచుకుంటుంది కాబట్టి ఎత్తుపల్లాలు బయటపడతాయి. పెయింటు అన్ని ముక్కల మీదా ఒకటే, ఎక్కడా చెయ్యి పడలేదని చెప్పాను. మాస్టారు ఆశ్చర్యపోయారు.

కానీ ఫోటో పెద్దది చేసి చూస్తుంటే వెనక చక్రం పైన ఒంపు అంచులో, ఒక చోట పెయింటు చిన్న అప్పడంలా పొంగి ఉంది, రూపాయి బిళ్లంత. రన్నింగ్ బోర్డు కింది అంచు నుంచి ఎర్రటి చార ఒకటి కిందికి జారింది. మనవైపు ఎర్రమట్టి మరకని తుప్పు అనుకోవడం, తుప్పుని మట్టి అనుకోవడం రెండూ జరుగుతాయి. మట్టి చక్రం వెనకాల చిమ్మినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. తుప్పు చార ఎప్పుడూ ఒక సందు నుంచో రంధ్రం నుంచో మొదలై కిందికే కారుతుంది. ఇది రన్నింగ్ బోర్డు కింద నీళ్లు పోయే రంధ్రం దగ్గరే మొదలైంది.

సముద్రం పక్కన తిరిగే బండికి తుప్పు లోపల్నుంచి వస్తుంది. రన్నింగ్ బోర్డు లోపల డొల్ల. తలుపుల అడుగునా, దీని అడుగునా నీళ్లు కారిపోవడానికి రంధ్రాలుంటాయి. చెరువు గట్ల బురద వాటిని మూసేస్తుంది. ఉప్పు తడి లోపలే నిలిచి నెలల తరబడి రేకుని తింటుంది. పెయింటు పొంగి బయటికి కనబడేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. పైన రూపాయి బిళ్లంత పొంగితే వెనకాల రేకు అంతకంటే ఎక్కువే పోయి ఉంటుందని నా అనుభవం.

ఆ రైతుకి నేనే ఫోన్ చేశాను. మంచి మనిషి. ఫోను వెనక కెమెరా పైకి ఉండేలా నేల మీద పెట్టి, ఫ్లాష్ వేసి, బండి కిందికి నాలుగు పక్కల నుంచీ వీడియో తియ్యమన్నాను. వెనక సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి ఫోటో కూడా అడిగాను. గంటలో అన్నీ పంపేశాడు. "ఇంకేమైనా కావాలాండి?" అని అడిగాడు కూడా.

కింది వీడియో చూసేటప్పుడు భయపడాల్సినదేదో, పడక్కర్లేనిదేదో తెలియాలి. బ్రేకు డిస్కు మీద గోధుమ రంగు పొర ఒక్క వాన పడ్డా వస్తుంది, బండి కాస్త నడిస్తే పోతుంది. సైలెన్సరు గొట్టం, బోల్టుల తలలు రంగు మారడం ఎనిమిదేళ్ల బండికి మామూలే. పొరలు పొరలుగా లేచిన తుప్పు వేరు, తాటాకు బొగ్గులా పెచ్చులు ఊడుతుంది. ఈ బండి వెనక యాక్సిల్ దూలం మీద, రెండు రన్నింగ్ బోర్డుల వెనక చివర్లలో ఆ పెచ్చులే ఉన్నాయి. కార్పెట్ కింద రేకు చెమ్మగా, అతుకు వెంట ఎర్రగా ఉంది. మేత బస్తాలు, చెరువు నీళ్ల క్యాన్లు అందులోనే మోసేవాణ్ణని రైతే చెప్పాడు.

మాస్టారికి లెక్క చెప్పాను. రెండు పక్కలా రన్నింగ్ బోర్డులు కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలంటే మా షెడ్డులో 30 వేలకు తక్కువ కాదు. తీరా చేశాక, లోపలి వైపు తడి చేరే అతుకులకి తుప్పు మందు పూర్తిగా అందదు కాబట్టి రెండు మూడు వర్షాకాలాల్లో మళ్లీ వస్తుంది. ఆ బండి తలుపు మీది సొట్ట నేను రెండు వేలకే తీసిస్తాను, అది అసలు లెక్కే కాదు. తుప్పు వల్లే వద్దన్నాను. మూడు బండ్లలోకీ నిజాయతీగా ఫోటోలు తీసిన మనిషి బండినే వద్దనాల్సి రావడం నాకు కాస్త బాధగానే అనిపించింది.

ఇక తణుకు బండి. దీని దగ్గర నేను రెండు సార్లు తప్పాను.

ఆ 9 ఫోటోలు ఇంటి ముందు, మామిడి చెట్టు పక్కన తీసినవి. 15 గడుల్లో అన్నింటికీ నంబర్లు పడ్డాయి. అయితే బోనెట్ రంగు నీలం కలిసినట్టుంది, తలుపులు కాస్త పచ్చగా, మట్టి రంగుగా ఉన్నాయి. "బోనెట్ రీపెయింట్ అండి," అని మాస్టారికి మొదటి రోజే చెప్పేశాను. రాత్రి మళ్లీ చూస్తుంటే అనుమానం వచ్చింది. బోనెట్ ఆకాశం వైపు చూస్తుంది, తలుపులు నేల వైపూ చెట్టు వైపూ చూస్తాయి. సిల్వర్ రంగు ఎదురుగా ఏముంటే అది పట్టుకుంటుంది. అందుకని బోనెట్‌ని తలుపుతో పోల్చకూడదు. ఒకే ఫోటోలో, ఒకే దిక్కుకి తిరిగి, ఆనుకుని ఉన్న ముక్కల్నే పోల్చాలి. ముందు తలుపుని వెనక తలుపుతో, వెనక తలుపుని క్వార్టర్ ప్యానెల్‌తో, అలా. పక్కవాళ్లకి పాఠాలు చెప్పే నేనే అది మరిచిపోయాను. మర్నాడు బండిని బయట ఖాళీ జాగాలో పెట్టించి, ముందు నుంచి ఒక ఫోటో తీయించాను. అందులో బోనెట్ రంగు, దాని పక్కన ఫెండర్ల పైఅంచుల రంగు చూశాను. బోనెట్టూ కుడి ఫెండరూ ఒక్కటే. తేడా ఉన్నది ఎడమ ఫెండర్‌లో, అది ఒక పిసరు ముదురు.

సిల్వర్ రంగులో అల్యూమినియం రజను ఉంటుంది. కంపెనీలో యంత్రం కొట్టినప్పుడు ఆ రజను ఒక తీరుగా పడుకుంటుంది, మా షెడ్లలో గన్‌తో కొట్టినప్పుడు ఇంకో తీరుగా పడుతుంది. ఒక పక్క నుంచి చూస్తే కలిసిపోయి, ఇంకో పక్క నుంచి చూస్తే ముదురుగా కనిపించేది అందుకే. పాత ఫోటోలు తిరగేస్తే ఎడమ హెడ్‌లైటు గాజులా తెల్లగా ఉంది, కుడిది ఎండకి పసుపు తిరిగి ఉంది. లైటు మారింది, ఫెండరు మారింది. ముందు బంపర్ రంగు కూడా కాస్త తేడా ఉంది కానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, ప్లాస్టిక్ మీద రంగు కొత్త బండికే ఒక్కోసారి తేడాగా ఉంటుంది.

బోనెట్ ఎత్తి ఎడమ ఫెండరు బోల్టులు దగ్గర నుంచి తీయమన్నాను. మూడు బోల్టుల మూలల్లో రంగు లేచి ఉంది, అంటే పానా పడింది. కుడివైపు బోల్టుల మీద రంగు చెక్కుచెదరలేదు. ఆ ఫోటోలోనే ఫెండరు లోపలి రేకు, రేడియేటరు ముందు పట్టీ కనిపించాయి. అతుకులూ, వెల్డింగు చుక్కలూ రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి. దెబ్బ బయటి రేకుతోనే ఆగింది. ఫోన్లో అడిగితే పెద్దాయన దాచలేదు. "పెరవలి దగ్గర గేదె అడ్డొచ్చిందండి. ఫెండరూ, లైటూ కొత్తవి వేయించాను. బిల్లుంది," అన్నారు.

సీటు కింద పట్టాలు, సీటు బెల్టు పూర్తిగా లాగితే వచ్చే కింది భాగం కూడా ఫోటోలు తెప్పించాను. 2022 జూలై వరదకి లంక గ్రామాల్లో నీళ్లలో మునిగిన బండ్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. బెల్టు మీద బురద గీత లేదు, పట్టాల మీద తుప్పు లేదు. ఇక బయల్దేరదామన్నాను.

సిద్ధాంతం వంతెన దాటి తణుకు వెళ్లాం. మీటరు పెట్టాను. తలుపులు, బోనెట్ 100 నుంచి 120 మైక్రాన్లు. ఎడమ ఫెండర్ 160, అంటే కొత్త రేకు మీద రంగే, లప్పం లేదు. ఫోటోల్లో అనుకున్నది అనుకున్నట్టు సరిపోయింది. నాలో నేనే మురిసిపోతూ అలవాటుగా టాప్ మీద మీటరు ఆనించాను. వెనక సగంలో 650.

టాప్ మీద వంగి చూస్తే నీడ గీత వణుకుతూనే ఉంది. పెద్దాయన మామూలుగా చెప్పారు: "అదా అండి, రెండేళ్ల కిందట కొబ్బరికాయ పడింది. సొట్ట తీయించి రంగు వేయించాం. మీరు పక్కల గురించే అడిగారు కదండీ."

అడగలేదు నిజమే. పుస్తకం తీసి చూశాను. టాప్ అన్న గడికి ఎదురుగా రెండు ఫోటోల నంబర్లు వేసి ఉన్నాయి. ఆ ఫోటోల్లో టాప్ కనిపించిన మాట నిజమే, మూల నుంచి తీసినప్పుడు పైన సన్నటి గీతలా. దాన్నే చూసినట్టు లెక్క వేసేశాను. ముగ్గురు అమ్మకందార్లు పంపిన 29 ఫోటోల్లో టాప్‌ని పైనుంచి తీసినది ఒక్కటీ లేదు. ఇంటింటికీ కొబ్బరిచెట్లున్న చోట వ్యాపారం చేస్తూ నేను దాన్ని వదిలేశాను.

టాప్ లోపలి గుడ్డ అంచు కొంచెం వదులు చేసి, లైటు వేసి చూశాం. రేకు చిరగలేదు, అతుకు లేదు, తుప్పు చుక్క లేదు. లప్పం కింద రేకు బిగువుగానే ఉంది. ఇబ్బందేమిటంటే మన ఎండకి టాప్ మీద లప్పం ఎప్పటికైనా పగులుతుంది, పగులులోకి నీళ్లు దిగితే తుప్పు మొదలు. దాన్ని తీసి మళ్లీ పల్చగా పెట్టి రంగు వేయడానికి 12 వేలవుతుందని చెప్పాను. ఫెండరు గురించి పైసా తగ్గించమని అడగలేదు, ఆ పని పద్ధతిగా జరిగింది. పెద్దాయన 4 లక్షల 10 వేలు చెప్పిన బండి 3 లక్షల 95 వేలకి తెగింది.

ఇప్పుడు నా పుస్తకంలో టాప్ గడి పక్కన అదనంగా ఒక మాట రాసుకున్నాను: స్టూలెక్కి, చెయ్యి చాచి, పైనుంచి. అలా తీసిన ఫోటో వస్తేనే అక్కడ నంబరు వేస్తున్నాను.